చలిలో సరిపోయిన అంకె

అరకు లోయలో టీచరుగా పనిచేసిన రోజుల్లో నా ఉదయం ఒక అంకెతో మొదలయ్యేది. బాలికల గురుకులంలో ప్రయోగశాల అంటే నిజానికి పాత సామాన్ల గది. దాని వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో కాఫీ మొక్కలు. తాళం తీయగానే లోపలి చలి బయటి చలికంటే ఎక్కువగా ముఖానికి కొట్టేది. త్రీడీ ప్రింటరు మీట నొక్కితే ప్లాస్టిక్‌ను కరిగించి పోసే దాని ముక్కు, అంటే నాజిల్, వేడి ఎంతో చిన్న తెరమీద కనిపించేది. ఇంకా వేడి చేయలేదు కాబట్టి అది గదిలో ఉన్న చలే. గోడకు ఒక థర్మామీటరు ఉండేది. రెండూ చూసి, ఒకటే చెబుతున్నాయి అనుకున్నాక ప్రార్థనకు అసెంబ్లీకి వెళ్లేదాన్ని. డిసెంబరులో ఆ అంకె పదికి అటూ ఇటూ ఉండేది.

ఇప్పుడు కురుపాం దగ్గర బడికి మారాను. ఇక్కడి ప్రయోగశాల పెద్దది, వెచ్చగా ఉంటుంది. అయినా పొద్దున్నే తాళం తీసేటప్పుడు ఆ చలి కోసం ముఖం దానంతట అదే సిద్ధపడుతుంది.

పనికి ముందు సరిచూసే అలవాటు మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. నాన్న సువార్తికుడు. కొండ మీద ఊళ్లకు నడిచి వెళ్లి గృహకూటాలు పెట్టేవాడు. ఆ ఊళ్లలో అప్పుడు కరెంటు లేదు. పెట్రోమాక్స్ లైటు మోసుకెళ్లేవాడు. శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు కూర్చుని దాని మేంటిల్ మార్చడం, కిరసనాయిలు పోయడం, గాలి కొట్టి వెలిగించి చూడడం, అంతా ఒక ఆరాధనలా చేసేవాడు. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని చూసేదాన్ని. పట్టుగూడులాంటి ఆ మేంటిల్ ఒకసారి కాలాక వేలు తగిలితే బూడిదే. అందుకని నన్ను ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చమనేవాడు.

ఒక శనివారం లైటు చక్కగా వెలిగింది. నాన్న తృప్తిగా ఆర్పేశాడు. సాయంత్రం కొండ మీద ఊరిలో పాటలు అయ్యి వాక్యం మొదలుపెట్టేసరికి అది ఎర్రబడి, బుసకొట్టి, మసకబారిపోయింది. లోపలి సన్నని రంధ్రంలో నలక ఉందట. బాగా వేడెక్కాకే అది అడ్డం పడింది. కొద్దిసేపు వెలిగించి చూసినప్పుడు తెలియలేదు. నాన్న చీకట్లోనే ప్రసంగం పూర్తి చేశాడు. దిగి వస్తూ దారిలో నాతో, "ఎండలో సూసిన దీపం దీపం కాదమ్మా. కూటమంతసేపు ఎలిగిందా లేదా, అదే సూడాల" అన్నాడు. ఆ మాట నాతోనే ఉందనుకున్నాను. కానీ నేను తీసుకున్నది సరిచూసే అలవాటు ఒక్కటే. మాటలోని అసలు సంగతి నాకు అందింది అరకు బడి వంటమ్మ చేతివల్లనే.

ఆమె మా బడి మొదలైన నాటి నుంచీ అక్కడే వండింది. కొండ మీద ఊరి మనిషి. ఇంట్లో ఆదివాసీ ఒడియా, మాతో తెలుగు. వంటింటి వెనక గదిలో ఉండేది. మా సంఘంలోనే సభ్యురాలు కాబట్టి నేను 'అక్కా' అనేదాన్ని. ఆమె 'మేడమ్మా' అనేది. పెద్ద డేగిసాలో సాంబారు తిప్పే చెక్క తెడ్డు ఆమె చేతిలో ఉంటే పిల్లలు దాన్ని పడవ తెడ్డు అని నవ్వేవారు. "గుంటల్లారా, పడవెక్కితే మిమ్మల్ని నదిలో దించీసి నానొక్కద్దాన్నే వచ్చీగల్ను" అనేది.

ఒక ఏడు వానల్లో ఆమెకు చిన్న పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మాటా నడకా తిరిగొచ్చాయి. కుడిచేతి వేళ్లు మాత్రం ముడుచుకోవు. చెయ్యి లేస్తుంది, భుజం తిరుగుతుంది, పిడికిలి పట్టదు. గరిటె జారిపోతుంది. వార్డెను మేడమ్ మంచి మనిషే. అయితే వంట పని మనుషుల్ని పెట్టేది ఆమె కాదు, కాంట్రాక్టు వాళ్లు. వాళ్లు మనిషిని మారుస్తామంటున్నారు. వార్డెను వాళ్లను ఆపి, వంటమ్మతో ఒక మాట చెప్పింది: "సెమీ క్రిస్మస్ భోజనం నువ్వే వండు. పెద్ద డేగిసా నువ్వు తిప్పగలిగితే నేను వాళ్లకు రాసిస్తాను. లేదంటే సెలవుల తర్వాత కొత్త మనిషి వస్తుంది. నన్ను తప్పు పట్టకు."

పిల్లలు సెలవులకు వెళ్లేముందు బడిలో జరిగే సెమీ క్రిస్మస్‌కు మతంతో పనిలేకుండా అందరూ కూర్చుని తింటారు. ఆ రోజే ఆమెకు గడువు. పని పోతే గది పోతుంది. అన్న ఇంట్లో ఒక మూల ఉండాలి.

కానీ ఆమె నాతో ఏడ్చింది దాని గురించి కాదు. కొండ సంఘాల్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లో అన్నానికి బియ్యం పెట్టేముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి తెస్తారు. ఆమె తన గదిలో తన కోసం వండుకునే బియ్యంలోంచే తీసేది. బడి బియ్యంలోంచి గింజ ముట్టేది కాదు. "ఎడం సేత్తో తీస్తన్నాను మేడమ్మా. పెళ్లయినకాడి నుంచీ కుడి సేత్తోనే ఇచ్చినాను. ఇప్పుడు దేవుడికి ఎడం సెయ్యి సాపుతున్నట్టుంది" అంది.

దేవుడు చేతిని చూడడని చెప్పాను. ఆమె తలూపింది. నమ్మలేదని నాకు తెలుసు.

అప్పుడే నాకు ప్రింటరు గుర్తొచ్చింది. అరచేతి చుట్టూ కట్టుకునే ఒక పట్టీ, దానికి తెడ్డు కాడ దూరే ఒక గొట్టం. వేళ్లు పట్టక్కర్లేదు. చెయ్యి కదిలితే తెడ్డు కదులుతుంది. ఈ ఆలోచనను కంప్యూటరు మాస్టారికి చెప్పాను. ఆయన పార్వతీపురం వైపు మనిషి, ఇంటి దగ్గర గుళ్లో భజన బృందం నడిపేవాడు. నేను ప్రతి పెద్ద ప్రింటుకు ముందు యంత్రం మీద చెయ్యి వేసి రెండు మాటలు ప్రార్థించుకుంటానని ఆయనకు నవ్వు. మనిషి మాత్రం పనిలో దిగితే తిండి మరిచిపోతాడు.

"ఏటండీ మేడమ్, తెడ్డుకి గొట్టమా? సెక్కకాడ కాబట్టి వేడి రాదు, సరే. మామూలు ప్లాస్టిక్ కాకుండా పెట్‌జీతో తీద్దాం. గట్టిగుంటాది, వంటింటి సెగకి వంగదు" అన్నాడు.

మొదటి పట్టీ బాగానే వచ్చింది. నిగనిగలాడుతూ, గాజులా గట్టిగా. అయితే నేను కొలత తప్పుగా తీశాను. ఆమె అరచేతికి బిగుతైపోయింది. దాన్ని బల్ల సొరుగులో పడేసి, వెడల్పు పెంచి రెండోది మొదలుపెట్టాం. అది సగంలో ఆగిపోయింది. తెరమీద వేడి అంకె ఎగిరెగిరి పడుతోంది. రెండు వందల నలభై, తొంభై, మళ్లీ రెండు వందలు. ఆఖరికి కనీస వేడి లేదన్న హెచ్చరిక వేసి యంత్రం తనంతట తానే నిలిచిపోయింది.

"థర్మిస్టర్ పోయినాది" అన్నాడు మాస్టారు.

థర్మిస్టర్ అంటే నాజిల్‌ను వేడిచేసే లోహపు దిమ్మలో దూరి ఉండే గాజు పూస. చిట్టిముత్యాల బియ్యపు గింజకంటే చిన్నది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఆ నిరోధాన్ని బట్టి యంత్రం వేడి ఎంతో లెక్క కడుతుంది. చల్లారాక, ప్లగ్ పీకి, ఫ్యాను విప్పి, దిమ్మ మీది సిలికాన్ తొడుగు తీసి చూశాం. పూస దగ్గర తీగల తొడుగు మాడి, కదిలితే అతుకుతూ కదిలితే విడిపోతూ ఉంది.

విశాఖ నుంచి తెప్పించాలంటే రోజులు పడతాయి. సీలేరు వైపు ఒక బడిలో బోర్డు కాలిపోయి మూలనపడ్డ ప్రింటరు ఉందని మాస్టారికి తెలుసు. అది మా ప్రింటరు కంపెనీది కాదు, వేరేది. అక్కడి టీచరు దాని థర్మిస్టరు ఊడదీసి, అగ్గిపెట్టెలో దూదిలో పెట్టి బస్సు కండక్టరుకిచ్చాడు. మా వైపు సామాన్లు అలాగే వస్తాయి. పాడేరులో ఒక కండక్టరు ఇంకో కండక్టరుకు అందించాడు. మూడో రోజు అరకు బస్టాండులో అగ్గిపెట్టె నా చేతికొచ్చింది. "మేడమ్, ఇందులో ఏటి, మిణుగురా?" అని అడిగాడు కండక్టరు.

బిగించే ముందు మాస్టారు మల్టీమీటరుతో పాతదాన్నీ కొత్తదాన్నీ కొలిచాడు. పాతదాన్ని కదలకుండా పట్టుకుంటే ఇంకా నిజం చెబుతోంది. రెండూ దాదాపు ఒకే నిరోధం. "రెండూ లక్ష ఓముల జాతే. అక్కసెల్లెళ్లు" అన్నాడు. పూసను దిమ్మ రంధ్రంలో దూర్చి, తీగల మీద మరను ఊరికే ఆనేంత బిగించాం. గట్టిగా బిగిస్తే గాజు చిట్లుతుంది. తొడుగు వేశాం. మీట నొక్కాం. తెర పదకొండు అంది. గోడ మీద థర్మామీటరు పన్నెండు అంది.

"ఒక డిగ్రీకి ఏడుస్తామేటి?" అన్నాడాయన.

నేను స్తోత్రం చెప్పుకుని అసెంబ్లీకి వెళ్లాను.

రెండో పట్టీ తయారైంది. చేతికి సరిపోయింది. వంటమ్మ దాన్ని కట్టుకుని, తెడ్డు దూర్చి, గాలిలో తిప్పి చూసి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ మధ్యాహ్నం పప్పు డేగిసాలో తిప్పుతుంటే టక్కుమని గొట్టం మెడ దగ్గర విరిగింది. తెడ్డు పప్పులో పడి వేడి చుక్కలు ఆమె మోచేతి మీద చిందాయి.

పరుగెత్తుకెళ్లి చెయ్యి నీళ్లలో పెట్టించాను. ఆమె చెయ్యి చూసుకోలేదు. విరిగిన ముక్కలు తీసి కొంగుకు తుడుస్తోంది. "నా బలం ఎక్కువైపోనాదేమో మేడమ్మా" అంది. ఆమే నాకు సర్దిచెబుతోంది.

మెడ లావు చేసి ఇంకోటి తీశాం. మర్నాడు అదీ విరిగింది. దేవుడి దయవల్ల ఈసారి పొయ్యి వెలగకముందే. మేం నీళ్లతో పరీక్షించమన్నాం. ఇంకా లావు చేశాం. మళ్లీ విరిగింది. ప్రతిసారీ ఒకే తీరు. ముక్క పగలడం లేదు, పొర పొరగా ఊడిపోతోంది, ఉల్లిపాయలాగా. వంటింటి గడపలో వార్డెను నిలబడి చూసి, గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆ చూపు వంటమ్మకు అర్థమైంది.

"వద్దులే మేడమ్మా" అంది ఆ సాయంత్రం. "మీరు బాధపడకండి. మా అన్న మంచోడే. ఆడి పెళ్లాం కూడా మంచిదే, నాను తిండి తిననప్పుడు." తన మాటకు తానే నవ్వింది. తర్వాత గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

నేను ప్రయోగశాలకు వెళ్లి కూర్చున్నాను. ప్రార్థించాను. ఇది రాస్తే మాస్టారు మళ్లీ నవ్వుతాడు, అయినా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. నేను అడిగింది అద్భుతం కాదు. నా కళ్ల ముందున్నదాన్ని చూడనియ్యమని అడిగాను. కళ్లు తెరిచి, ఏదో తుడిచే గుడ్డ కోసం సొరుగు లాగాను. మొదటి పట్టీ కనిపించింది. బిగుతైపోయి పడేసినది.

చేతిలోకి తీసుకుని మెడ దగ్గర వంచాను. విరగలేదు. మోకాలికి పెట్టి వంచాను. వంగి మళ్లీ లేచింది. దాని మెడ సన్నం, తర్వాతవి లావు. అయినా ఇది గట్టిది. కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిది నిగనిగ, మిగతావన్నీ మసక, సున్నం గోడలా. ప్లాస్టిక్ చుట్ట ఒకటే. యంత్రం ఒకటే. తెరమీద వేడి ఒకటే. మధ్యలో మారింది అగ్గిపెట్టెలో వచ్చిన ఆ గింజ ఒక్కటే.

కానీ దాన్ని ప్రతి ఉదయం సరిచూశాను కదా! గోడ థర్మామీటరుతో సరిపోయింది కదా!

అప్పుడు నాన్న గొంతు వినిపించింది. ఎండలో చూసిన దీపం. నేను రోజూ సరిచూసింది చలిలో. అది పని చేసేది మంటలాంటి వేడిలో. చలిలో నిజం చెప్పిన సాక్షి వేడిలోనూ నిజం చెబుతుందా అని ఎవరమూ అడగలేదు. పుటం పెట్టాకే బంగారం నిగ్గు తేలుతుందని ఆదివారం బడిలో ఎన్ని ఏళ్లు నేర్పానో!

మాస్టారిని పిలిచాను. టీ గ్లాసుతోనే వచ్చాడు. చెప్పింది విని గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన మల్టీమీటరుకు వేడి కొలిచే తీగ ఒకటి ఉంది. ఎప్పుడూ వాడలేదు. దాని కొనను దిమ్మకూ సిలికాన్ తొడుగుకూ మధ్య దూర్చి, ప్రింటరుకు రెండు వందల నలభై పెట్టాడు.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. మొదట్లో రెండు అంకెలూ దగ్గరగానే నడిచాయి. వంద దాటాక మల్టీమీటరు వెనకబడడం మొదలైంది. నూట యాభై దగ్గర ఎడం పెరిగింది. తెర రెండు వందల నలభై అని స్థిరపడ్డాక మల్టీమీటరు రెండు వందల పన్నెండు అంటోంది.

"ఓలమ్మో!" అన్నాడు మాస్టారు. "అక్కసెల్లెళ్లు కాదండి మేడమ్, తోడికోడళ్లు. సల్లగున్నప్పుడు ఒకే మాట, పొయ్యికాడికెళ్తే ఎవరి గోల ఆళ్లది."

నాకు ఆయన అప్పుడు విడమరిచి చెప్పాడు. లక్ష ఓములు అన్నది ఇరవై అయిదు డిగ్రీల దగ్గర మాట. అక్కడి నుంచి వేడెక్కేకొద్దీ నిరోధం ఎంత వేగంగా పడిపోతుందన్నది ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. యంత్రాన్ని లోపలినుంచి నడిపే ప్రోగ్రాంలో, అంటే ఫర్మ్‌వేర్‌లో, ఒక్కో రకానికి ఒక్కో పట్టిక, దానికో నంబరు. మాది పాత థర్మిస్టరు పట్టిక ప్రకారం చదువుతోంది. కొత్తది వేడిలో ఇంకా వేగంగా పడిపోయే రకం. దాని నిరోధం తొందరగా తగ్గేసరికి, అనుకున్న వేడి వచ్చేసిందనుకుని యంత్రం హీటరును తగ్గించేస్తోంది. ప్లాస్టిక్ కరుగుతోంది కానీ కింది పొరతో కలిసిపోయేంత కరగడం లేదు.

"ఇది తిరగబడుంటే ఇంకా పెమాదం" అన్నాడు. "తెర తక్కువ సూపిస్తా లోపల ఎక్కువ కాలిపోయేది. నాజిల్‌లోకి ప్లాస్టిక్ ఎళ్లే తెల్ల ట్యూబు మాడి పొగొచ్చేది."

సెమీ క్రిస్మస్ భోజనానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "బేగి అయిపోవాలంటే ఒక దారుంది. రెండు వందల నలభైకి బదులు రెండు వందల డెబ్బై పెట్టీద్దాం. అబద్ధం సెప్పేవోడికి ఆడి లెక్కలోనే సెప్తే సరిపోతాది."

ఆశ పుట్టింది నాకు. పది నిమిషాల పని. కానీ ఒప్పుకోలేకపోయాను. "మాస్టారూ, రేపు మనం లేనప్పుడు ఇంకెవరో ఇదే తెర చూసి నమ్ముతారు. మరీ వేడెక్కితే ఆగిపోయే కాపలా కూడా ఈ అంకె మీదే ఉంది కదా. కాపలావాడికి తప్పు చెప్పి పడుకోగలమా?" అన్నాను.

"పసంగం మొదలెట్టీసారు" అన్నాడు. కానీ అప్పటికే ఫోను తీశాడు.

సిగ్నలు నీళ్ల ట్యాంకు మెట్ల మీదే దొరుకుతుంది. ఆయన పైమెట్టు మీద, నేను కిందిమెట్టు మీద. సీలేరు టీచరుకు ఫోను కలిసింది. మాస్టారు గట్టిగా, కొండ అవతలికి కేకేసినట్టు మాట్లాడాడు. "అది కాదు బాబూ, ఓములు కాదు, రకం! ఫర్మ్‌వేర్‌లో ఏ నంబరు పెట్టారు?... ఐదా? సూసి సెప్పు, ఊహించి సెప్పకు... ఐదే?" నావైపు చూసి అయిదు వేళ్లు చూపాడు. "మన దాంట్లో పదకొండుందండి."

ప్రింటరు కొత్తగా వచ్చినప్పుడు దాని ఫర్మ్‌వేర్ ఎక్కించింది ఆయనే కాబట్టి ఆ ఫైళ్లు లాప్‌టాప్‌లో ఉన్నాయి. వాటిలో నాజిల్ థర్మిస్టరు రకం రాసిన వరుస వెతికి, పదకొండు తీసి ఐదు పెట్టాడు. ఒక్క అంకె. ఫర్మ్‌వేర్‌ను మళ్లీ కూర్చి, మెమరీ కార్డులో వేసి, కార్డు ప్రింటరులో పెట్టి మీట నొక్కాడు. తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది. తర్వాత హీటరు వేడిని నిలకడగా పట్టుకునేలా యంత్రం తన్ను తాను సరిదిద్దుకునే పరీక్ష కూడా నడిపాడు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, అది తన కొత్త లెక్కలు చెప్పింది. వాటిని అందులోనే భద్రం చేశాడు.

ఈసారి చలి అంకె చూసి వెళ్లిపోలేదు. మళ్లీ తీగ దూర్చి రెండు వందల నలభై పెట్టాం. మల్టీమీటరు రెండు వందల ముప్ఫై ఏడు దాకా వచ్చి నిలిచింది. ఆ కాస్త తేడా బయటినుంచి ఆనించిన తీగది. కొద్దిసేపు కాదు, ఒక ప్రింటుకు పట్టేంతసేపు అలాగే కాగనిచ్చాం. నాన్న కూటమంతసేపు అన్నట్టు. మాస్టారు తన చల్లారిన టీ తాగాడు. నేను కిటికీలోంచి కాఫీ మొక్కల మీద దిగుతున్న మంచు చూస్తూ కూర్చున్నాను. ఆ గంట నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ప్రియమైన గంట అని ఇప్పుడు అనిపిస్తుంది. ఏమీ జరగని గంట.

ప్రింటు మొదలుపెట్టే ముందు అలవాటుగా యంత్రం మీద చెయ్యి వేశాను. ఈసారి మాస్టారు నవ్వలేదు. "నా తరపున కూడా ఒక మాట సెప్పండి" అన్నాడు.

పట్టీ నిగనిగలాడుతూ వచ్చింది. మాస్టారు దాన్ని బల్ల అంచుకు పెట్టి తన బరువంతా వేశాడు. వంగింది, మూలిగింది, విరగలేదు. అప్పుడే వంటమ్మ తలుపు తట్టాను. ఆమె దాన్ని చూసి, "ఇదీ దాని సెల్లెలేనా?" అంది. అయినా చెయ్యి చాపింది. ముందు నీళ్ల డేగిసా తిప్పించాం. తర్వాత గట్టి పిండి కలిపించాం. మర్నాడంతా వంటలో నేను పక్కనే నిలబడ్డాను. ఆమె నన్ను విసుక్కుంది కూడా. "అడ్డం తప్పుకోండి మేడమ్మా, మీ సీర మీద సాంబారు పడితే మళ్లీ నన్నే అంటారు" అంది.

సెమీ క్రిస్మస్ రోజు ఆవరణలో రంగు కాగితాల నక్షత్రాలు కట్టారు. పాటలు, నాటిక, కేకు అయ్యాయి. వంటింట్లో పెద్ద డేగిసా నిండా కూర కుతకుతలాడుతోంది. వార్డెను వచ్చి గుమ్మంలో నిలబడింది. వంటమ్మ ఆమెవైపు చూడలేదు. పట్టీ బిగించుకుంది, తెడ్డు దూర్చింది, అడుగుదాకా దించి తిప్పింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి అరచేతికి ఆ పాత లయ తిరిగొచ్చింది. గుమ్మం దగ్గర చేరిన పిల్లల్లో ఒకతె "పడవొచ్చింది!" అని అరిచింది.

"వచ్చింది గానీ నిన్నెక్కించుకోను, పో!" అంది వంటమ్మ వెనక్కి తిరక్కుండానే.

వార్డెను ముఖం చేటంత చేసుకుని నవ్వింది. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. అది చాలు, పని ఉందని మా అందరికీ తెలిసింది. సెలవులయ్యాక కొత్త మనిషి రాలేదు.

ఆ సాయంత్రం పిల్లలు బస్సులెక్కి వెళ్లాక వంటమ్మ ప్రయోగశాల గడపలో నిలబడింది. లోపలికి రావడం అదే మొదలు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మేడమ్మా, ఇంకోటి అడుగుతాను. తప్పయితే వద్దనండి."

"చెప్పక్కా."

"ఈ పట్టీకి తెడ్డు బదులు ఒక సిన్న గిన్ని తగిలించగలరా? నా పిడికిలంత. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

ఏ పని కోసమో అడగక్కర్లేకపోయింది. ఆమె గదిలోంచి బియ్యం తెచ్చింది. ఎడమ పిడికిలి నిండా తీసి బల్ల మీద కాగితంలో పోసింది. "కుడిది కొంచెం పెద్దది" అంటూ ఇంకొన్ని గింజలు వేసింది. మాస్టారు ఆ బియ్యాన్ని ప్రయోగశాల కొలజాడీలో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో చూసి, గిన్నె గీశాడు. పెట్‌జీ చుట్ట పెట్టాం. నాజిల్ వేడెక్కుతుంటే ఆమె తెరమీది అంకెనే చూస్తూ నిలబడింది. రెండు వందల నలభై రాగానే, "ఇది నిజమేనా?" అంది.

"నిజమే" అన్నాడు మాస్టారు.

నేను అక్కడి నుంచి మారి వచ్చేముందు ఆదివారం మందిరంలో ఆమెను చూశాను. దేవుడి బియ్యం సంచి వేదిక దగ్గర కుమ్మరించడానికి వరుసలో నిలబడి ఉంది. కుడిచేతికి పట్టీ, దాని చివర ఆ చిన్న గిన్నె. తన గదిలోనే కొలిచి తెచ్చిన బియ్యం కాబట్టి మందిరంలో దాని అవసరం లేదు. అయినా కట్టుకునే వచ్చింది.

కురుపాం బడి ప్రింటరుకు ఈమధ్యే థర్మిస్టరు మార్చాం. కొత్తదాని రకం ఏదో అడిగి తెలుసుకుని, ఫర్మ్‌వేర్‌లో దాని నంబరు పెట్టి, కాగిన వేడిలో కొలిచి చూశాకే ప్రింటు మొదలుపెట్టించాను. ఇక్కడి పిల్లలు ఎందుకింత చాదస్తం అని గొణిగారు. నేను వాళ్లకు పెట్రోమాక్స్ లైటు కథ చెప్పాను. వాళ్లెవరూ ఆ లైటును చూడలేదు. చెబుతుంటే నాకు మాత్రం కిరసనాయిలు వాసనా, కాఫీ మొక్కల మీద మంచు వాసనా కలిసే వచ్చాయి.